ఆగని బండికి రెండు టైములు

మా వదినకు ఖాళీ గడి కంటబడితే చేతులు ఊరుకోవు. వంటింట్లో డబ్బా ఖాళీ అయితే నింపుతుంది, మాటల మధ్య సందు దొరికితే అదీ నింపుతుంది. మా జిరాక్సు షాపులో పక్కపక్క కంప్యూటర్ల ముందు కూర్చునేది మేమిద్దరమే. "పాపం మా అన్నయ్య, నోరు తెరిచే సందే లేదు" అని ఏడిపించేదాన్ని. ఇప్పుడు ఆ హాస్యాలు నోటికి రావు.

మర్నాడు మొదలయ్యే కొత్త రైలుకు టైముల పట్టిక చేసి పెట్టమని పక్క షాపు ట్రావెల్స్ ఆయన అడిగాడు. రైల్వే ఆఫీసులో తెలిసినవాడెవరో ఇచ్చిన మెసేజ్‌ను అలాగే మాకు పంపాడు. వదిన దాన్ని అతికించగానే అంతా ఒకే వరుసలో కుప్పపడింది. ఖాళీ ఉన్నచోటల్లా విడగొడితే, రెండు మాటల స్టేషన్ పేర్లు రెండు గడుల్లోకి చీలి టైములు పక్కకు జరిగాయి. ఓపిగ్గా సర్దింది. మొదటి స్టేషన్‌కు రాక ఉండదు, చివరిదానికి పోక ఉండదు. అక్కడ గీతలు పెట్టింది. మధ్యలో ఒక చిన్న స్టేషన్‌కు మాత్రం ఒకే టైము ఉంది. అది వదిన పుట్టిల్లున్న ఊరిది.

"అరనిమిషం ఆగుతుందేమోలే" అంటూ ఆ టైమునే రాకలోనూ పోకలోనూ వేసేసింది. సంబరం పట్టలేక పట్టికను ఫోటో తీసి వాళ్లమ్మకు పంపింది.

మర్నాడు పెన్షన్ కాగితం జిరాక్సు తీయించుకోవడానికి రిటైరైన గార్డు ఒకాయన వచ్చాడు. బల్ల మీది పట్టిక చూసి కనుబొమలు ముడిచాడు. అసలు మెసేజ్ చూపించమన్నాడు.

"ఇది ప్రయాణికులది కాదమ్మాయ్, మా సిబ్బంది వాడుకునేది. మధ్య స్టేషన్లలో బండి ఆగితే రెండు టైములుంటాయి. ఒకటే ఉంటే ఆగకుండా దాటిపోయే టైమని."

వదిన ముఖంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. "అమ్మ ఇవాళ ఆ బండికే వస్తానంది" అంది. నేను గోడ గడియారం చూశాను. బండి ఆ స్టేషన్ దాటే వేళ అయింది.

మొదటిసారి ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. రెండోసారి వాళ్లమ్మ ఎత్తింది.

"బండి కనపడుతోందే, పెట్టెయ్!"

"అమ్మా, అది ఆగదు! వెనక్కి జరుగు!"

"ఎందుకాగదే? నువ్వు పంపింది అందరికీ చూపించాను. సీట్లు దొరకాలని అందరం అంచుకొచ్చి నిలబడ్డాం."

"నేను తప్పు రాశానమ్మా! జరుగు!" అని వదిన గొంతు చించుకుంది. హారన్ ఆమె మాటను మింగేసింది. ఆ తర్వాత ఫోన్లో ఒకటే హోరు. ఎవరో కెవ్వున అరిచారు. గార్డాయన కళ్లు మూసుకున్నాడు.

"అమ్మా! అమ్మా!"

"ఉన్నానే" అంది ఆవిడ. "నా పక్కన నిలబడ్డ పిల్ల కనపడట్లేదే. బండి ఆగుతుందని దానికి నేనే చెప్పాను."