గడిలో ఒక గీత

ముందు చప్పుడు వినిపించేది. వాన వెలిశాక చూరు నుంచి ఆలస్యంగా రాలే చుక్కల్లా ఒక టక్, కొంచెం ఆగి ఇంకో టక్. వరస చివర చిన్న గంట, ఆ తర్వాత బరువైనదేదో వెనక్కి జరిగిన గరగర. కలకత్తాకు లోకల్ బండి దూరంలో ఉన్న రైల్వే ఊళ్ళో, ఝపటాపూర్ అనే తెలుగువాళ్ళ వాడలో, మా గోడకు అవతలి గదిలోంచి వచ్చేది ఆ చప్పుడు. మాటలు టైపు చేస్తున్నప్పుడు అది పరుగెత్తేది. అంకెలు టైపు చేస్తున్నప్పుడు నడిచేది. ఫిబ్రవరి నెలంతా నడుస్తూనే ఉండేది.

తలుపు తోస్తే జ్ఞానప్రకాశం కనిపించేవాడు. సన్నటి మనిషి, మోచేతుల దగ్గర అరిగిన చొక్కా, కళ్ళజోడు మీంచి చూసే చూపు. తాత కాకినాడ వైపు నుంచి రైలు పనికి వచ్చాడట. ఈయన మాత్రం రైలు పనిలో చేరలేదు. తెలుగు కార్మికుల సంఘం ఒకటి నడిపే చిన్న వైద్యశాలలో గుమాస్తా, టైపిస్టు, అవసరమైతే మందుల పెట్టెలు మోసేవాడు కూడా. రైల్వే ఆసుపత్రి కార్డు లేని కంట్రాక్టు కూలీలు, ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళు ఆ వైద్యశాలకు వచ్చేవారు. వెనక రెండు మంచాల కాన్పు గది. దానికి మంత్రసాని నూకాలమ్మ. ఆమె చేతుల మీద ఆ వాడలో సగం పిల్లలు పుట్టారు. వాళ్ళు సైకిళ్ళు తొక్కుతూ ఎదురైతే, ఎవరు తలతో వచ్చారో ఎవరు కాళ్ళతో వచ్చారో ఆమె నవ్వుతూ చెప్పేది.

వైద్యశాల బతికేది కలకత్తాలోని ఒక ధర్మనిధి ఇచ్చే డబ్బుతో. ఏటా ఫిబ్రవరిలో బడ్జెట్ పట్టిక పంపాలి. మార్చిలో వాళ్ళు కూర్చుని మంజూరు చేస్తారు. ప్రకాశం ఆ పట్టికను పొలం దున్నినట్టు తయారు చేసేవాడు. నిలువు గీతలు స్కేలుతో గీసి, అంకెల కుడి అంచులు ఒక్క దారం మీద నిలబడేటట్టు టైపు చేసేవాడు. ఏ గడినీ ఖాళీగా వదిలేవాడు కాదు. ఖర్చు నిజంగా ఏమీ లేకపోతే సున్నా. లోటైతే అంకె చుట్టూ బ్రాకెట్లు. ఆ గడికి ఆ లెక్కతో సంబంధమే లేకపోతే ఎక్స్ గుర్తు. ఈ మూడింటి అర్థం పట్టిక కింద ఒక వాక్యంలో ఉండేది. ఏ పేజీలోనైనా అదే వాక్యం, అవే గుర్తులు.

ఒకసారి ఎందుకిలా అని అడిగాను.

"చదివే మనిషి నా పక్కన కూర్చోడు గదండి," అన్నాడు. "ఆ మనిషికి సందేహం వొస్తే నన్నడగలేడు. కాయితమే చెప్పాల."

ఎనభై ఏడులో ధర్మనిధి ఒక కొత్త కోరిక పంపింది. తల్లీబిడ్డల ఖర్చు ఇక మీదట విడిగా, రెండో పేజీలో చూపించమని. దాంతో నూకాలమ్మ జీతం మొదటి పేజీ నుంచి రెండో పేజీకి మారింది. మొదటి పేజీలో ఆమె వరుస ఇంకా ఉంది, కిందటేడు ఖర్చు చూపించడానికి. వచ్చే ఏటి గడిలో మాత్రం అంకె లేదు. అది రెండో పేజీలో ఉంది. రెండో పేజీలో వచ్చే ఏటి అంకె ఉంది గానీ, కిందటేటి గడిలో ఏమీ లేదు, ఎందుకంటే కిందటేడు ఆ పేజీయే లేదు. రెండు చోట్లా ప్రకాశం ఎక్స్ పెట్టాడు. పక్క పేజీ చూడమని కింద రాశాడు.

పంపేముందు పట్టికను సంఘం పెద్దలకు చదివి వినిపించడం ఆనవాయితీ. అధ్యక్షుడు గోవిందరావు, రిటైరైన ఫిట్టరు, కాగితాన్ని దూరంగా పట్టుకుని చూశాడు.

"ఏటయ్యా ప్రకాశం, కాయితం నిండా కోడిగుడ్లు పెట్టినావు?"

నలుగురూ నవ్వారు. కమ్మరి పని చేసే తవిటయ్య మాత్రం నవ్వలేదు. ఆ వాడలో సున్నా గుర్తుకు వేరే చరిత్ర ఉంది. వాళ్ళ తండ్రుల కాలంలో ఒక కూలీల కంట్రాక్టరు ఉండేవాడు. పనిలోంచి తీసేయదలచిన మనిషి పేరు పక్కన వాడి గుమాస్తా సున్నా చుట్టేవాడు. ఇప్పటికీ అక్కడ ఎవరి ఉద్యోగం పోయినా, 'సున్నా చుట్టేసినారు' అనే అంటారు.

"మా అయ్య పేరు పక్కన ఇలాగే సుట్టినాడు," అన్నాడు తవిటయ్య. "మర్నాడు గేటు కాడే ఆపేసినారు. మన సంఘం కాయితంలో ఆ గుర్తు నాను సూడలేను."

"ఇది అది కాదు మావా," అన్నాడు ప్రకాశం. "సున్నా అంటే ఆ పద్దులో ఖర్చవలేదని. అంతే."

"మరి నూకాలమ్మ పక్కన ఎక్స్ ఏటి? కొట్టేసినట్టు?"

"కొట్టేయలేదు. ఆయమ్మ లెక్క ఈ గడిలో కాదు, రెండో పేజీలో ఉన్నాదని. బ్రాకెట్లున్నవి లోటు. మూడూ మూడు సంగతులు, కింద రాసినాను సూడండి."

తలుపు దగ్గర నిలబడి వింటున్న నూకాలమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంది.

"నాకు సదువు రాదు గానీ బాబూ, నా పేరు మీద ఆ కత్తెర గుర్తు బాగోనేదు."

"విన్నావా?" అన్నాడు గోవిందరావు. "అన్నిటికీ ఒక అడ్డగీత పెట్టీ. గీతని సూసి ఎవులికీ కోపం రాదు."

ప్రకాశం వాదించగలిగేవాడే. కానీ అక్కడ కూర్చున్న వాళ్ళు సున్నాలో అంకెను చూడటం లేదు, గేటు దగ్గర ఆగిపోయిన తండ్రులను చూస్తున్నారు. వాళ్ళను కాదనడం అతని వల్ల కాలేదు.

మళ్ళీ టైపు చేశాడు. మిషను మీద అడ్డగీతకు ఒకటే మీట. సున్నా ఉన్న చోట ఆ మీట. సంబంధం లేని చోట ఆ మీట. బ్రాకెట్లు అంకె చుట్టూ జైలు గోడల్లా ఉన్నాయని పెద్దలు వాటినీ వద్దన్నారు కాబట్టి, లోటు అంకె ముందు కూడా అదే మీట. అన్నీ ఒకటే అయ్యాక కింద వాక్యానికి చెప్పడానికేమీ మిగల్లేదు, పక్క పేజీ చూడమన్న మాటకు పట్టుకోవడానికి ఎక్స్ మిగల్లేదు. తీసేశాడు. పట్టిక చూడటానికి మునుపటికన్నా శుభ్రంగా ఉంది. గాలి లేని రోజు ఊరి పక్కన పారే కసాయి నది నీళ్ళలా, ఎక్కడా ఏమీ జరగనట్టు ఉంది.

ఏప్రిల్‌లో మంజూరు వచ్చింది. మంత్రసాని జీతం లేదు. కాన్పు గది లేదు. మందుల డబ్బు కూడా తగ్గింది.

ప్రకాశం లోకల్ బండెక్కి కలకత్తా వెళ్ళాడు. అక్కడి లెక్కల బాబు మంచివాడు, టీ తెప్పించాడు. రెండు పేజీలూ పక్కపక్కన పరిచాడు.

"దేఖియే దాదా, చూడండి. మా దగ్గర గీత అంటే ఏమీ లేదని. మొదటి పేజీలో మీ మంత్రసానికి వచ్చే ఏడు గీత పెట్టారు. అంటే మీకు అక్కర్లేదని. రెండో పేజీలో మంత్రసాని ఉంది, కిందటేడు గీత. అంటే ఇది కొత్త పోస్టు. ఈ ఏడు కొత్త పోస్టులు ఎవరికీ ఇవ్వలేదు."

"ఆ రెండూ ఒక మనిషే బాబూ. ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి మారినాది."

"ఇప్పుడు మీరు చెబితే తెలుస్తోంది. మందుల దగ్గర ఈ గీత?"

"అది లోటు. తొమ్మిది వందలు ఎక్కువైనాది."

లెక్కల బాబు కళ్ళు మూసుకుని తెరిచాడు. "మేము గీతను పట్టించుకోకుండా అంకె చదివి, తొమ్మిది వందలు మిగిలాయనుకున్నాం. మిగిలినంతా కోసేశాం." పేజీలు రెండూ మళ్ళీ ఒకదాని మీద ఒకటి పెట్టాడు. "డబ్బు అంతా పంచేశారు దాదా. వచ్చే ఏడు రాయండి. స్పష్టంగా రాయండి."

మే నెలలో మంచాలు రెండూ రిక్షా మీద ఎక్కించి పంపేశారు. నూకాలమ్మ గదిని ఊడ్చి, తాళం ప్రకాశం చేతిలో పెట్టింది.

"నువ్వు సున్నా సుట్టలేదు బాబూ, నాకు తెలుసు," అంది. ఓదార్పుగానే అంది.

ఆ వానాకాలంలో తవిటయ్య కోడలికి నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. కాన్పు గది ఉన్నప్పుడు రెండు సందులు దాటితే చాలు. ఇప్పుడు రిక్షా ఊరి అవతల ఇందా అనే పేటలోని ఆసుపత్రికి, నీళ్ళు నిలిచిన రోడ్డు మీద, దూరంగా వెళ్ళాలి. పిల్ల దారిలో పుట్టింది. ఏడవలేదు. తర్వాత చాలా ఏళ్ళు తవిటయ్య, ప్రకాశం రోజూ ఎదురుపడేవారు. ఇద్దరూ చెయ్యెత్తి నమస్కారం పెట్టుకునేవారు. ఒకరినొకరు ఒక్క మాటా అనుకోలేదు. అనుకుని ఉంటే బాగుండేదేమో.

మరుసటి ఫిబ్రవరిలో ప్రకాశం ఎవరినీ అడగలేదు. పాత గుర్తులన్నీ తిరిగి పెట్టాడు, కింద వాక్యంతో సహా. నూకాలమ్మ వరుసలో కిందటేటి ఖర్చు గడికి వచ్చి ఆగాడు. గోడ ఇవతల నాకు ఆ నిశ్శబ్దం వినిపించింది. ఈసారి అక్కడ ఎక్స్ పెట్టడానికి లేదు. ఆ పద్దు ఉంది, అందులో ఒక్క పైసా ఖర్చు కాలేదు. నిజంగానే సున్నా. ఒక్క టక్ వినిపించింది. దాని పక్కన, ఎంత శాతం పెరిగిందో చూపే గడిలో, ఎక్స్. సున్నా మీద శాతం కట్టడం కుదరదు కదా.

అంతా సరిగ్గా ఉంది. ఆ సరైన సున్నాయే దారి మూసేసింది. కిందటేడు ఖర్చు లేనిది కొత్త పద్దు కిందకే వస్తుందని, కొత్త పద్దులకు ఈ ఏడూ వీల్లేదని జవాబు వచ్చింది. ఆ తర్వాతి ఏడూ అంతే. సున్నా వెనక సున్నా, ఒక్కొక్కటీ నిజం, ఒక్కొక్కటీ తర్వాతి దానికి సాక్ష్యం. తొంభై రెండులో ఆ వరుసనే తీసేయమని ధర్మనిధి చెప్పింది. తీసేశాడు. గోవిందరావు పోయాక సంఘం పలచబడింది, వైద్యశాల వారానికొక పూట తెరిచే గదయింది.

తొంభై ఏడులో చివరిసారి కలిసినప్పుడు ప్రకాశం మంచం దిగడం లేదు. ఊపిరితిత్తుల్లో నీరు. ఆయన భార్య సూసన్న దిండ్లు ఎత్తుగా పెట్టి కూర్చోబెట్టింది. మిషను ఎప్పుడో అమ్మేశారు. కిటికీలోంచి వచ్చిన మధ్యాహ్నపు వెలుగు దుప్పటి మీద నాలుగు గడులుగా పడి ఉంది, నాలుగింటిలోనూ ఏమీ లేదు. మీ గురించి రాయాలనుకుంటున్నానని చెప్పాను. ఏం రాయమంటారు, ఏం వదిలేయమంటారు అని అడిగాను. ఆయాసం తగ్గేదాకా ఆగి, నెమ్మదిగా అన్నాడు:

"ఏదీ వొదలొద్దండి. నూకాలమ్మ ఇప్పుడు ఇందాలో అంట్లు తోముతున్నాది, అదీ రాయండి. తవిటయ్య మనవరాలికి పేరు పెట్టలేదు, పెట్టలేదనే రాయండి. ఖాళీ వొదిలేస్తే, సదివినోళ్ళు అక్కడ ఏటీ జరగలేదనుకుంటారు."