తీసివేతలమ్మ

మా ఆఫీసులో ఆవిడను ఎదురుగా మేడమ్ అనేవాళ్ళం, వెనక తీసివేతలమ్మ అనేవాళ్ళం. ఆ పేరు పెట్టింది నేనే. ప్రభుత్వం పెట్టిన పథకాలు నిజంగా పనిచేశాయా లేదా అని తేల్చే ఆఫీసు మాది. అక్కడ లెక్కలు కట్టేది ఆవిడ, ఆవిడ రాసిన నివేదికల్లో భాష సరిదిద్దేది నేను. ఫలానా నియమం వచ్చాక ప్రమాదాలు తగ్గాయని ఎవరైనా సంబరంగా వచ్చి చెబితే, ఆవిడ కళ్ళజోడు పైనుంచి చూసి ఒకే ఒక్క మాట అడిగేది: "ఆ నియమం రాని చోట ఎంత తగ్గాయి?" అంతే, వచ్చినవాళ్ళ సంబరం మీద నీళ్ళు చల్లినట్టయ్యేది.

ఆవిడ పద్ధతి చెప్పడానికి తేలికే. పథకం వచ్చిన ఊళ్ళలో ముందుకూ తర్వాతకూ తేడా ఎంతో చూడాలి. పథకం రాని ఊళ్ళలోనూ అదే కాలానికి తేడా చూడాలి. మొదటి తేడాలోంచి రెండోది తీసేయాలి. ఎలాగూ జరిగేది పోగా మిగిలిందే పథకం చలవ. కంప్యూటర్లో దీన్నే రిగ్రెషన్ అనే లెక్కగా కడితే ప్రతి ఊరికీ ఉండే సహజమైన హెచ్చుతగ్గులు, ప్రతి ఏడాదీ అందరికీ కలిసి వచ్చే మంచిచెడ్డలు పక్కకు పోయి ఒక్క అంకె మిగులుతుంది. ఇదంతా నడవడానికి ఒక షరతు ఉంది. పథకం రాకపోయి ఉంటే రెండు గుంపులూ ఒకే తీరున నడిచి ఉండాలి. ఆ షరతు తప్పితే మిగిలిన అంకెకు విలువ లేదు.

ఆవిడకు యాభై ఎనిమిదేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. మధ్యాహ్నం కిటికీ పక్కన ఒక్కతే కూర్చుని తినేది, డబ్బా మూత మీదే చెంచా పెట్టుకుని. ఒకసారి జ్వరంతో నాలుగు రోజులు రాకపోతే కాగితాలు తీసుకుని ఇంటికి వెళ్ళాను. రెండు గదులు, చీపురు తగలని మూల లేదు. హాల్లో ఒకటే కుర్చీ. నన్ను అందులో కూర్చోబెట్టి తను గోడకు ఆనుకుని నిలబడింది. ఇంత జాలేసిన ఇల్లు నేను మరొకటి చూడలేదు. కానీ జాలి చూపిస్తే ఒంటికాలి మీద లేచే మనిషి, అందుకని కామాలు, ఫుల్‌స్టాపుల గురించి మాట్లాడి వచ్చేశాను.

ఆవిడకున్న ఒకే ఒక్క దిక్కు అక్క. బస్సులో ఆరుగంటల దూరంలో ఒక చిన్న పట్టణంలో ఉండేది, ఆవిడా ఒంటరే. బావ పోయి పదేళ్ళయింది, పిల్లల్లేరు. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఆదివారం ఫోన్లో మాట్లాడుకునేవాళ్ళు. మందులు వేసుకున్నావా, తలుపు గడియ సరిగ్గా పడుతోందా, ఇంతే మాటలు.

అలాంటి అక్క గొంతులో ఉన్నట్టుండి మార్పు వచ్చింది. అరవై ఐదు దాటి ఒంటరిగా ఉండేవాళ్ళ ఇంటికి వారానికోసారి ఒక నర్సు వెళ్ళే పథకం పద్నాలుగు పట్టణాల్లో మొదలైంది. నర్సు బీపీ చూస్తుంది, మందులు సర్దుతుంది, కాసేపు కూర్చుంటుంది. అక్క ఉండే పట్టణం ఆ పద్నాలుగింటిలో ఒకటి. అప్పటినుంచి ఫోనంతా నర్సు ముచ్చట్లే. నర్సు కూతురికి పన్ను ఊడిందట, నర్సు నవ్వుతుంటే కుర్చీ కూడా ఊగుతుందట. "నా అక్కకి ఇన్ని మాటలొచ్చని నాకు తెలియదండీ" అంది తీసివేతలమ్మ నాతో. ఆ మాట అంటూ నవ్వింది. ఆవిడ నవ్వడం నేను చూసింది అప్పుడే.

ఏడాది తిరిగేసరికి ఆ పథకాన్ని తూచే పని మా ఆఫీసుకే వచ్చింది. ఫలితం బాగుంటే అన్ని పట్టణాలకూ వస్తుంది, లేకపోతే ఉన్నచోటా ఆగిపోతుంది. ఆవిడ నేరుగా డైరెక్టరు గదికి వెళ్ళింది.

"సార్, మా అక్క ఆ పథకంలో ఉంది. ఈ పని ఇంకెవరికైనా ఇవ్వండి."

"ఇంకెవరున్నారమ్మా ఇక్కడ? వేలమందిలో మీ అక్కయ్య ఒక్కరు. అంకె అటూ ఇటూ కదలదు. మీరే చెయ్యండి" అన్నాడాయన.

చూడాల్సింది అత్యవసరంగా ఆసుపత్రిలో చేరినవాళ్ళ సంఖ్య. పథకం వచ్చిన పట్టణాల్లో వెయ్యిమందికి తొంభైఆరు ఉన్నది ఎనభైఒకటికి పడింది, అంటే పదిహేను తగ్గింది. పథకం రాని ఇరవైరెండు పట్టణాల్లో డెబ్భైఎనిమిది నుంచి డెబ్భైనాలుగుకు, అంటే నాలుగు తగ్గింది. పదిహేనులోంచి నాలుగు పోతే పదకొండు. అంత పెద్ద అంకె మా ఆఫీసులో ఎవరూ చూసి ఎరగరు. డైరెక్టరు ఆవిడను నెత్తిన పెట్టుకున్నాడు. ఆసుపత్రి రికార్డులు కంప్యూటర్‌లోకి ఎక్కింది పథకానికి ముందు ఏడాదే కాబట్టి 'ముందు' అన్నదానికి ఆ ఒక్క సంవత్సరమే దొరికింది. "అంతకుముందు రెండు గుంపులూ ఎలా నడిచాయో మాకు తెలియదు, ఈ పట్టణాలనే ఎందుకు ఎంచారో కూడా తెలియదు" అని ఆవిడ చివర్లో ఒక వాక్యం రాసింది. చదవడానికి అడ్డంగా ఉందని ఆ వాక్యాన్ని నేను కొట్టేశాను. ఆవిడ అచ్చు ప్రతి చూసుకుంది. తన మాట ఒక్కటి పోయినా ఊరుకోని మనిషి ఊరుకుంది.

రెండు నెలల తర్వాత పాత చిట్టాలు వచ్చాయి. ఆవిడ ఎప్పుడో అడిగినవి, అందరం మరిచిపోయినవి. అంతకుముందు అయిదేళ్ళ ఆసుపత్రి రిజిస్టర్లు, ఏడు అట్టపెట్టెలు. నివేదిక అప్పటికే పైకి వెళ్ళిపోయింది. ఆ పెట్టెలు విప్పమని ఎవరూ అడగలేదు. ఆవిడ మూడు వారాలు కూర్చుని అంకెలన్నీ ఎక్కించుకుంది. ఒక మధ్యాహ్నం నన్ను పిలిచింది.

"ఇలా కూర్చోండి, ఎడిటర్ గారూ. ఈ గీత చూడండి."

తెరమీద రెండు గీతలు. అయిదేళ్ళపాటు పక్కపక్కనే, దాదాపు ఒకే దూరంలో నడిచాయి. పైగీత ఎనభైరెండు దగ్గర, కిందిది డెబ్భైఆరు దగ్గర. పథకానికి ముందు ఏడాదిలో మాత్రం పైగీత ఒక్కసారి తొంభైఆరుకు ఎగిరింది. ఆ మరుసటి ఏడాది మళ్ళీ తన చోటికి దిగింది.

"ఆ ఏడాది ఆ ఊళ్ళలో జ్వరాలు ఎక్కువ. చేరికలు ఎక్కువున్నాయనే వాటిని ఎంచారు, ఉత్తర్వు తెప్పించి చూశాను. నర్సు వెళ్ళినా వెళ్ళకపోయినా ఆ అంకె కిందకి దిగేదే. ఎగిరినప్పుడు కొలిచి, దిగడం నర్సు గొప్పదనం అని రాశాను నేను."

"ఈ కొత్త లెక్కే తప్పేమోలెండి, ఇంకోలా చూస్తే..." అన్నాను.

"చూశానండీ. పథకం ఏడాది ముందే వచ్చిందని ఉత్తుత్తిగా పెట్టి చూశాను. నర్సే లేని ఏడాది. అయినా పన్నెండు పెరిగినట్టు తేడా చూపిస్తోంది. ఇంక నా పదకొండుని ఎవరు నమ్ముతారు? ఆ ఏడాది పక్కనపెట్టి అయిదేళ్ళతో కడితే తేడా దాదాపు సున్నా. వెయ్యికి అయిదు తగ్గించి ఉండొచ్చు, ఏడు పెంచి ఉండొచ్చు. ఈ ముప్ఫైఆరు ఊళ్ళతో అంతకన్నా తేల్చలేం."

నాకు ఒళ్ళు మండింది. "పెట్టెలు విప్పమని మిమ్మల్ని ఎవరడిగారు? మీ అక్కయ్య సంగతి గుర్తుందా మీకు?"

ఆవిడ నావైపు చూడలేదు. "గుర్తుండబట్టేగా మొదటిసారి ఆ వాక్యం పోయినా ఊరుకున్నాను" అంది.

ఆ సాయంత్రం డైరెక్టరు గదిలో పెద్ద గొడవ. తలుపు వేసినా ఆయన గొంతు మెట్లదాకా వినిపించింది. వెనక్కి తీసుకున్న నివేదిక ఆఫీసు పరువు తీస్తుందన్నాడు. ఆవిడ మాత్రం ఒకే ముక్క పట్టుకు కూర్చుంది: "పథకం పనికిరాదని రాయను సార్. పనికొచ్చిందని ఈ అంకెలతో చెప్పలేం అని రాస్తాను. ఆ రెండూ ఒకటి కాదు." రెండో నివేదికలో ఆ మాటే మొదటి పేజీలో పెట్టింది. ఈసారి నేను ఒక్క అక్షరం ముట్టుకోలేదు. అయినా పైవాళ్ళు చదివింది సున్నా ఒక్కటే. నెల తిరక్కుండా పథకం ఆగిపోయింది.

ఆ ఆదివారం అక్క ఫోన్లో కట్టలు తెంచుకుంది. జరిగింది మర్నాడు తీసివేతలమ్మే చెప్పింది, డబ్బా మూత తియ్యకుండా.

"చిట్టీ, చివరిసారి వచ్చి ఏడ్చి వెళ్ళిందే నర్సమ్మ. ఎవరో ఆఫీసులో ఒకావిడ, వీళ్ళ వల్ల ఉపయోగం లేదని రాసిందట. ఏం మనిషో! ఆవిడకి ఇంట్లో ఎవరూ లేరేమో, ఉంటే అలా రాస్తుందా?" అందట అక్క.

"నేనే అక్కా ఆ రాసింది."

"ఉంటాను" అని అక్క ఫోను పెట్టేసిందట. తర్వాతి ఆదివారం ఫోను ఎత్తలేదు. ఆ పై ఆదివారమూ ఎత్తలేదు. ఆవిడ ఆఫీసుకు వచ్చేది, లెక్కలు కట్టేది, వెళ్ళిపోయేది. పలకరిస్తే పలికేది. ఆ నెలలో ఆవిడ మనిషి సగమయింది. కూర్చోబెట్టి ఓదార్చే చనువు మాలో ఎవరికీ లేకపోయింది, అందుకు మా అందరిదీ తప్పే, నాది మరీనూ.

అయిదో వారం సెలవు పెట్టి బస్సెక్కింది. అక్క తలుపు తీసి, ఒక్క నిమిషం గుమ్మంలోనే నిలబెట్టి, తర్వాత పక్కకు జరిగిందట. మంచినీళ్ళిచ్చింది. గూట్లో మందులు నర్సు సర్దిన డబ్బాలోనే ఉన్నాయి, కానీ గళ్ళన్నీ కలిసిపోయి ఉన్నాయి. చెల్లెలు వాటిని ఏ పూటవి ఆ పూటకు వేరు చేయడం మొదలుపెట్టింది.

"నీ లెక్క తప్పు కాదుగా?" అని అడిగింది అక్క.

"మొదటిది తప్పక్కా. ఇది కాదు."

"అయితే ఆవిడ రావడం వల్ల ఏమీ లేదంటావ్."

"అలా అనలేదు. ఉండొచ్చు. మేం చూసింది ఆసుపత్రి చేరికలే. అందులో నాకేమీ కనిపించలేదు, అంతే."

"నేనెలా ఉన్నానో ఎవరూ చూడలేదా?"

"ఆ అంకె ఎవరూ రాసి పెట్టలేదక్కా. అది కావాలని నేనూ అడగలేదు."

అక్క చెల్లెలి చేతిలోంచి మాత్రల డబ్బా తీసుకుని పక్కన పెట్టింది.

"నాకు కనిపించింది" అంది. "నన్ను అడిగి ఉండాల్సింది నువ్వు."

అప్పుడు ఏడ్చానండీ, అని చెప్పింది తీసివేతలమ్మ. అక్క ఓదార్చలేదట, పొమ్మనీ అనలేదట. సాయంత్రం బస్సు దాకా ఇద్దరూ ఆ గదిలోనే కూర్చున్నారట.