అవధానిగారి అగ్ని

వజ్రపుకొత్తూరులో అవధానిగారి కళ్లు పొగకు ఎప్పుడూ ఎర్రగానే ఉంటాయి. సంహితలోని మంత్రాలు చదువుతూ, బ్రాహ్మణాలు చెప్పిన విధి తప్పకుండా, రెండు పూటలా అగ్నిలో పాలు వేల్చిన మనిషి. ఈ మధ్య భార్య పోతే, శాస్త్రప్రకారం ఆ హోమాగ్నులతోనే ఆమెకు దహనం చేసి సాగనంపారు. అగ్నులు ఆమెతోనే వెళ్లిపోవడంతో ఇంట్లో హోమం ఆగిపోయింది. ఆయన అన్నం ముట్టడం మానేశారు.

"అగ్నికి పెట్టకుండా నేనెలా తిననమ్మా?" అన్నారు కోడలు భవానితో.

"మీ శిష్యులకి ఉపనిషత్తు పాఠంలో ఏటి సెప్పేరు మావయ్యగారూ? తినేవాడి రొమ్మే వేదిక, నోరే హోమాగ్ని అనే కదా! వంటింట్లో ఉన్న నాకే ఇనిపించింది, మీకు ఇనపడలేదేటి?"

ఆయనకు నవ్వొచ్చింది. "ప్రాణాయ స్వాహా" అంటూ తొలి ముద్ద నోట్లో వేసుకున్నారు. అయిదు ప్రాణాలకూ ఆహుతులయ్యాక కళ్లు తుడుచుకున్నారు.

"చల్లగా ఉండు తల్లీ. ఇంకాస్త పప్పు వెయ్యి."