పిండి మెషిను విలువ

బేకరీలో సగం వాటా ఉన్న పెద్దాయన, పిండి కలిపే మెషిన్ని "దిక్కుమాలిన డొక్కు" అని తిట్టి, ఒక తన్ను తన్నిగానీ పని మొదలుపెట్టేవాడు కాదు. వాటా తీసుకుని తప్పుకుంటానన్నాక, ఆస్తులకు కొత్తగా విలువ కట్టడానికి ఆడిటర్ వచ్చాడు. పెరిగిన విలువలో సగం తనదే గనక పెద్దాయన గొంతు మారింది.

"బంగారమండీ ఈ మెషిను! రెండు లక్షలకు పైసా తగ్గదు."

మిగతా సగం బావమరిదిది. అతను వెంటనే ఒప్పుకున్నాడు.

"సరే బావా, నీకు రావాల్సిన దాంట్లో రెండు లక్షల కింద దీన్నే పట్టుకెళ్ళు. మిగతాదానికి చెక్కు ఇస్తా."

కాదంటే అది డొక్కేనని ఒప్పుకున్నట్టే. పెద్దాయన సంతకం పెట్టాడు.

సాయంత్రం మెషిను పెద్దాయన ఇంటి ముందుగదిలో దిగింది. భార్య దాని చుట్టూ తిరిగి చూసింది.

"బంగారమన్నారట, తమ్ముడు ఫోన్ చేశాడు. మెళ్ళో వేసుకోనా, చెవులకు పెట్టుకోనా?"