మామిడి కొత్తకు ముందు

పార్వతీపురం బజారులో మామిడిపళ్ల బుట్టలు దిగాయంటే నా కాళ్లు అక్కడే ఆగిపోతాయి. ఈ ఏడు మాత్రం వాసన చూసి, కొనకుండానే ఇంటికొచ్చేశాను. ఆ వాసనకి డుంబ్రిగుడ పక్కన కొండ ఊళ్లో నేను అద్దెకున్న పెంకుటింటి అరుగు కళ్ల ముందుకొస్తుంది. నర్సుగా నా మొదటి ఉద్యోగం అక్కడే. ఇల్లిచ్చినావిడను అత్తా అని పిలిచేదాన్ని; ఆవిడకు నేను గుంటని, అంటే పిల్లని. నలభై దాటిన మనిషి. కాఫీ తోటలో చేతులెంత చురుకో, ఇంట్లో నోరు అంతకు రెట్టింపు. నా చారులో ఉప్పు తక్కువైతే ఏకంగా నా చదువుకే వంక పెట్టేది.

ఆ ఊళ్లో మామిడి కొత్త పండగ చెయ్యకుండా పండు ముట్టరు. ముందు దేవతకు, తర్వాతే మనుషులకు. తెలియక మొదటి ఏడు చెట్టుకింద రాలిన పండు కొరకబోతే అత్త నా చేతిలోంచి లాగేసుకుంది. ఆ వేళ ఉడుక్కున్నాను గానీ, ఇప్పుడు తలుచుకుంటే ముచ్చటేస్తుంది.

ఒక సంత రోజున మా ఆరోగ్య కేంద్రంలో ఆడవాళ్లకు క్యాన్సర్ పరీక్షలు పెట్టారు. ముప్పై నుంచి అరవై ఐదేళ్ల లోపు వాళ్లంతా రావాలని, ఏ బాధా లేకపోయినా రావాలని ఇల్లిల్లూ తిరిగి చెప్పాను.

"నొప్పి నేని మనిషికి ఆస్పత్రేటే?" అంది అత్త.

"నొప్పి వచ్చేదాకా కూర్చుంటే ఆలస్యమైపోతుంది" అన్నాను. నా పోరు పడలేక వచ్చింది.

డాక్టరమ్మ ముందు రొమ్ములు, చంకలు తడిమి చూసింది. గడ్డలేవీ లేవు. "ఎప్పుడైనా గడ్డ తగిలినా, చర్మం లోపలికి లాగినట్టున్నా మళ్లీ పరీక్ష దాకా ఆగకు, వెంటనే రా" అని చెప్పింది. తర్వాత గర్భసంచి ముఖానికి పలచటి వెనిగర్ అద్ది ఒక నిమిషం ఆగింది. మామూలుగా అయితే అక్కడ రంగేమీ మారదు. అత్తకు ఒక పక్క తెల్లటి మచ్చ తేలింది. అది క్యాన్సర్ అని అర్థం కాదని, పెద్దాసుపత్రిలో ఇంకా దగ్గరగా చూడాలని డాక్టరమ్మ చెప్పింది. అత్త బుద్ధిగా తలూపింది.

తలూపిన మనిషి కదల్లేదు. సంతలు గడిచిపోతున్నాయి. ఒక పొద్దున నాకు ఒళ్లు మండి, వెళ్తావా వెళ్లవా అని నిలదీశాను.

"ఇంకెందుకే గుంటా? ఆయమ్మ మందేసేసింది గదా. సురుక్కుమంది, తెల్లబడింది. ఇంక మానిపోద్ది."

అప్పుడు అర్థమైంది నాకు. ఆ ఊళ్లో పుండుకి ఆకు పసరు పిండుతారు. చురుక్కుమని తెల్లబడితే మందు పనిచేసినట్టే లెక్క. అత్త పరీక్షనే వైద్యం అనుకుంది. అంత కోపంలోనూ నాకు ఏడుపొచ్చింది.

"అది మందు కాదత్తా. మచ్చ కంటికి కనబడ్డానికి పూసింది. మచ్చ అక్కడే ఉంది."

అత్త పొయ్యిలో కట్టె ఒకటి లోపలికి తోసింది. "అయితే నాను సచ్చిపోతానేటి?" అని అడిగింది. అంత చిన్న గొంతు ఆమె దగ్గర అంతకు ముందెప్పుడూ వినలేదు.

"బేగి చూపించుకుంటే ఎందుకు పోతావు?" అన్నాను, వాళ్ల మాటే అరువు తెచ్చుకుని.

పెద్దాసుపత్రిలో భూతద్దం లాంటి యంత్రంతో చూసి, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఆ ఫలితం వచ్చేదాకా అత్త నా చారును ఒక్క మాటా అనలేదు. అదే నాకు పెద్ద భయం. చివరికి వచ్చింది. క్యాన్సర్ కాదు. వదిలేస్తే కొన్నేళ్లకు క్యాన్సరయ్యే మార్పులున్నాయంతే. వేడి తగిలించి ఆ మచ్చను అక్కడికక్కడే మాడ్చేశారు. సాయంత్రానికి ఇంటికొచ్చేశాం.

ఏడాదికి మళ్లీ రమ్మన్నారంటే అత్త మొహం చిట్లించింది. "మిగతావోళ్లకి అయిదేళ్లకి సాలంట, నాకు ఏడాదికేటి?"

"నీకు మచ్చ వచ్చిపోయింది కాబట్టి. అయినా కొత్త పోయినేడు చేశాం గదాని ఈ ఏడు మానేస్తావా?"

పకపకా నవ్వింది. అదే గుర్తు పెట్టుకుంది కూడా. మరుసటి ఏడు ఊరంతా కొత్త చేసుకుని పళ్లు తింటుంటే, తను మాత్రం రెండు పళ్లు కొంగున కట్టుకుని నాతో పెద్దాసుపత్రికి బయల్దేరింది. ముందు పరీక్ష, తర్వాతే పండు అంది. మచ్చ లేదని చెప్పాక మెట్ల మీద కూర్చుని మోచేతి దాకా రసం కార్చుకుంటూ తిన్నది. రెండో పండు నాకిచ్చింది. అంత తీపి పండు మళ్లీ నేను తినలేదు.

ఈ ఏడు నాకు ముప్పై నిండాయి. మొన్న ఫోన్‌లో ఆ మాట అన్నానో లేదో, అత్త అందుకుంది.

"అందరికీ సెప్పీదానివి, నువ్వు సేయించుకున్నావేటి? ముందు పరీచ్చ, తర్వాతే పండు."

నిన్న చేయించుకున్నాను. వెనిగర్ అద్దిన ఆ నిమిషమంతా పైకప్పు చూస్తూ పడుకున్నాను. ఆ నిమిషం ఎంత పొడుగో ఇన్నేళ్లుగా అవతలి పక్క నిలబడ్డ నాకు నిన్నటిదాకా తెలియలేదు. రంగు మారలేదు, మళ్లీ అయిదేళ్లకు రమ్మన్నారు. బయటికి రాగానే అత్తకు ఫోన్ చేసి చెప్పాను.

అవతల ఒక నిట్టూర్పు వినిపించింది. "ఇప్పుడు తిను గుంటా" అంది అత్త.