అమ్మణ్ణి వేడినీళ్లు, హేమ సింకు

అప్పలసూరికి ఒళ్లు మండే విషయాలు లోకంలో చాలా ఉన్నాయి గానీ, అన్నిటికన్నా పెద్దది వేడినీళ్లు. తాగే వేడినీళ్లు కాదు, స్నానానికి కాచుకునేవీ కాదు. "మేం రోజూ సలసలా మరిగిన నీళ్లు పోత్తాం, మా పైపులో జిడ్డెక్కడుంటాది?" అని వంటింటి గుమ్మంలో నిలబడి ధీమాగా చెప్పేవాళ్ల వేడినీళ్లు. టాటానగర్ పేటల్లో బారిడీహ్ నుంచి కద్మా దాకా ముప్పై ఐదేళ్లుగా గొట్టాలు విప్పుతున్నాడు, ఆ మాట వినని ఇల్లు లేదు. సింకు కింద వెల్లకిలా పడుకుని, మెడ మీదికి మురికినీళ్లు కారుతుండగా ఆ మాట వింటే ఎలా ఉంటుందో పడ్డవాడికే తెలుసు.

తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి టాటానగర్ స్టేషన్‌లో గ్యాంగ్‌మన్‌గా చేశాడు. కొడుకుని కూడా రైల్వేలోనే పడేద్దామనుకున్నాడు. కొడుకు పదో క్లాసు తప్పి, ఒక కాంట్రాక్టరు దగ్గర పైపులు మొయ్యడానికి కుదిరి, చూసి చూసి ఫిట్టరయ్యాడు. కాంట్రాక్టు పోయింది, పైపులు మాత్రం వదల్లేదు. ఇప్పుడు అరవై నిండాయి. మోకాళ్లు వంగేటప్పుడు ఒకసారి, లేచేటప్పుడు ఒకసారి తిట్టుకుంటాడు. ఎవరి ఇంట్లో ఏ వంక ఉందో ఆ వీధుల్లో అతనికి తెలిసినంత మరెవరికీ తెలియదు. అతను అన్నమాటకి తిరుగు లేదు. సూరి చెప్పాడంటే అయిపోయినట్టే.

డిసెంబరు నెల, పొద్దున్న ఎనిమిదిన్నర. చెవులకి మఫ్లరు చుట్టుకుని స్కూటరు తుడుచుకుంటుంటే అమ్మణ్ణి కొడుకు సునీల్ ఫోను చేశాడు.

"మావయ్యా, కింద మా సింకు బంద్ చేసెయ్యాలి. ఖతం. క్యాప్ కొట్టెయ్."

"బంద్ సెయ్యడమేటిరా? మరి వంటో?"

"వంట ఇంక పైనే. అమ్మ దగ్గరే. నిన్ననే సామానంతా పైకి ఎక్కించేశాం. నాకు విసుగొచ్చేసింది మావయ్యా. నెలకోసారి ఆ కంపు, ఆ ఎత్తిపోతలు. హేమకి ఎంత చెప్పినా అర్థం కాదు. నేను డ్యూటీకి పోతున్నాను, నువ్వు చూసుకో."

అప్పలసూరి ఫోను జేబులో పెట్టుకుని, ఇదేం కాలమొచ్చిందిరా బాబూ అనుకున్నాడు. సింకు నిండిందని వంటిల్లే మూసేసే మొనగాణ్ణి ఇప్పుడే చూస్తున్నాడు.

కద్మాలో ఆ ఇల్లు రెండంతస్తులు. పైన అమ్మణ్ణి, కింద కొడుకు సునీల్, కోడలు హేమ, మనవరాలు తనుశ్రీ. అమ్మణ్ణి అప్పలసూరికి తోడబుట్టింది కాదు గానీ, వాళ్ల నాన్నా వీళ్ల నాన్నా ఒకే ఊరివాళ్లు. చిన్నప్పటి నుంచీ అక్క వరస, "అప్పా" అనే పిలుపు. మొగుడు పోయాక చేతులు ముడుచుకుని కూర్చోకుండా జంతికలు, చేగోడీలు వనస్పతిలో వేయించి తెలుగు ఇళ్ల పెళ్లిళ్లకి, సాక్చి బజారులో రెండు దుకాణాలకి పంపుతుంది. రోజు విడిచి రోజు పైన బాండీ ఎక్కుతుంది. గట్టి మనిషి. ఆవిడ గట్టితనం మూడేళ్లుగా కోడలి మీద బాగా పనిచేస్తోంది.

ఎందుకంటే, పైన ఎంత వండినా ఆవిడ సింకు గలగలా పారుతుంది. కింద హేమ నాలుగు గిన్నెలు తోమితే సింకు నిండి గట్టు మీదికి వచ్చేస్తుంది. ఇంక లెక్క తేలిపోయినట్టే కదా! "తిన్న కంచాలు దులపకుండా తోసేత్తాది, మెతుకులన్నీ పైపులోకే. మా పుట్టింటోళ్లు నాకిలాగ నేర్పలేదు" అని అమ్మణ్ణి వచ్చినవాళ్లకీ పోయినవాళ్లకీ చెబుతుంది. హేమ సింకులో జాలీ పెట్టింది, మెతుకు ఏరింది, చివరికి కంచాలు పెరట్లో కడిగింది. అయినా సింకు నిండుతూనే ఉంది. విసిగిపోయిన సునీల్ ఒకసారి కాస్టిక్ పొట్లం తెచ్చి గుమ్మరిస్తే అది లోపల జిడ్డుతో కలిసి సబ్బులా గట్టిపడి, ఉన్న దారి కూడా మూసుకుపోయింది. ఆ పాపం కూడా హేమ ఖాతాలోకే పోయింది.

అప్పలసూరి వెళ్లేసరికి కింది వంటిల్లు బోడిగా ఉంది. పొయ్యి లేదు, గిన్నెలు లేవు, డబ్బాలు పెట్టిన చోట గోడ మీద గుండ్రటి మచ్చలు మిగిలాయి. హేమ గుమ్మానికి ఆనుకుని నిలబడింది. ముప్పై రెండేళ్ల మనిషి, కళ్లు వాచి ఉన్నాయి.

"రండి బాబాయ్. కొట్టేయండి బిరడా" అంది. "ఇంక కాఫీ కావాలన్నా మెట్లెక్కి అడుక్కోవాలి. మా అమ్మ ఫోన్ చేసి ఏం వండేవమ్మా అనడిగితే ఏటి చెప్పను?"

అప్పలసూరి సంచీలోంచి బిరడా తీసి, మోకాలి మీద వంగి, మామూలుగానే ఒకసారి తిట్టుకుని సింకు వైపు చూశాడు. చూస్తుండగా సింకు అడుగున గుడగుడమంది. నీళ్లు పైకి రాసాగాయి. ముందు వేలెడు, తర్వాత జానెడు. పైన పచ్చగా నూనె తెట్టు మెరుస్తోంది. అతను వేలు పెట్టి చూశాడు. గోరువెచ్చగా ఉంది. వాసన చూస్తే వాము వాసన.

"నువ్వు కుళాయి తిప్పేవా?"

"నిన్న సాయంత్రం నుంచి ఈ గదిలో చుక్క నీళ్లు వాడలేదు బాబాయ్. వాడ్డానికి ఏముంది గనక?"

అప్పలసూరి నిలుచున్నాడు. పైనుంచి చప్పుడు వినిపిస్తోంది. అమ్మణ్ణి బాండీ కడుగుతోంది.

గబగబా పెరట్లోకి పోయాడు. పైనుంచి గోడ వెంట నిటారుగా దిగే గొట్టం, కింద హేమ సింకు గొట్టంతో కలిసి, అక్కణ్ణుంచి నేల మీద అడ్డంగా పన్నెండు అడుగులు పోయి మురుగు తొట్టిలో పడుతుంది. మూడేళ్లుగా పిలిచినప్పుడల్లా అతను పూడిక పొడిచే స్ప్రింగు తీగ హేమ సింకులోంచే దూర్చాడు. అది దారి చేసుకుని పోయేది, నీళ్లు దిగేవి, సంచీ సర్దుకుని వెళ్లిపోయేవాడు. ఈ అడ్డం గొట్టాన్ని ఒక్కసారి కూడా కోసి చూడలేదు.

రంపం తీసి కోశాడు. మూడంగుళాల గొట్టం చేతికి బరువుగా తగిలింది. లోపల తెల్లగా, కొవ్వొత్తి మైనం కన్నా గట్టిగా, పొరలు పొరలుగా పేరుకుపోయి ఉంది. మధ్యలో బొటనవేలు పట్టేంత కన్నం మిగిలింది.

"అప్పా! ఓ అప్పా! ఓపాలి కిందికి రా!" అని అరిచాడు.

అమ్మణ్ణి కొంగుకి చేతులు తుడుచుకుంటూ దిగింది. వెనకాలే బడికి తయారైన తనుశ్రీ. గొట్టం చూడగానే అమ్మణ్ణి మొహం చిట్లించింది.

"ఛీ! సూసేవా సూరీ? ఇదంతా ఈవిడ గారి నిర్వాకం."

"ఇది మెతుకులు కాదప్పా. వనస్పతి. నీ బాండీలోది."

"నాదా? నా సింకు సూడు ఎలాగ పారతాదో! మడ్డి నూనె ఒంపిన ప్రతిసారీ వెనకాలే తపేలాడు మరిగిన నీళ్లు పోత్తాను. ఒక్క బొట్టు నా పైపులో ఉంటే ఒట్టు!"

మళ్లీ అవే వేడినీళ్లు! అప్పలసూరికి తల గోడకి కొట్టుకోవాలనిపించింది.

"అదే కదా నేను మొత్తుకునేది! నీ పైపులో ఉండదు. నీ వేడినీళ్లు దాన్ని కరిగించి కిందికి తోలేత్తన్నాయి. ఆ వేడి ఎంతసేపుంటాది? గోడమ్మట ఇరవై అడుగులు దిగీసరికి సల్లారిపోద్ది. ఇక్కడ గొట్టం అడ్డంగా ఉంది, నీళ్లు నెమ్మదిస్తాయి, ఈ సలికి జిడ్డు గోడకి అతుక్కుంటాది. రేపటిది దాని మీద, ఎల్లుండిది దాని మీద. దారి మూసుకుపోతే నీ నీళ్లు ఎక్కడికి పోతాయి? అన్నిటికన్నా కింద ఏ కన్నముంటే అందులోంచి తన్నుకొత్తాయి. అది ఈ పిల్ల సింకు. నీ సింకు మేడ మీదుంది కాబట్టి నీకు తెలీదు."

"దాదీ, కటోరీ మే రఖ్ కే దేఖో నా" అంది తనుశ్రీ. గిన్నెలో పెట్టి చూడమని.

మంచి మాటే. అప్పలసూరి పైకి వెళ్లి, ఆవిడ చేతే స్టీలు గ్లాసులో కొంచెం బాండీ నూనె, మీద మరిగిన నీళ్లు పోయించి, నీడపట్టున చల్లటి పిట్టగోడ మీద పెట్టించాడు. పోసినప్పుడు నూనె కరిగి పల్చగా తేలింది. గొట్టం కొత్తది అతికించి, పాతది పెరట్లో గీకి, తొట్టి శుభ్రం చేసేసరికి గంటన్నర పట్టింది. గ్లాసు కిందికి తెస్తే పైన తెల్లటి బిళ్ల కట్టి ఉంది. గ్లాసు వంచితే కదలలేదు.

అమ్మణ్ణి ఆ బిళ్లని గోటితో గీకి చూసుకుంది. "మరి సబ్బు కూడా ఏసేదాన్ని కదా?" అంది, గొంతు తగ్గించి.

"సబ్బు అయినా అంతే. కాసేపు ఇడగొడతాది, సల్లారేక ముందుకి పోయి మళ్లీ పేరుకుంటాది. మరిగిన నీళ్లు రోజూ పోత్తే ప్లాస్టిక్కు గొట్టం కీళ్లు కూడా వదులైపోతాయి. మడ్డి నూనె సల్లారనిచ్చి డబ్బాలో పొయ్యి. బాండీ కడిగే ముందు పేపరుతో తుడిసి సెత్తబుట్టలో పడెయ్యి. నీ సింకు కింద జిడ్డు తొట్టి ఒకటి పెడతాను, వారానికోపాలి తేరిన తెట్టు తీసి పారేసుకో. అంతే. ఇంకేం మంత్రం నేదు."

అమ్మణ్ణి కోడలి వైపు చూడలేదు. గొట్టం వైపే చూస్తూ నిలబడింది. కాసేపటికి మళ్లీ పాత గట్టితనం కూడగట్టుకుంది.

"అయితే ఇన్నేళ్లూ మెతుకులని నువ్వే కదరా సెప్పేవు? నాకేటి తెలుసు పైపుల సంగతి? నువ్వన్నావనే నేనన్నాను."

అప్పలసూరి రంపం కింద పెట్టాడు. నిజమే. మొదటిసారి పిలిచినప్పుడు సింకు కింద చెత్త ఆగే గిన్నె విప్పితే నాలుగు మెతుకులు కనిపించాయి. ఏ ఇంట్లో విప్పినా నాలుగు మెతుకులుంటాయి. ఆవేళ మధ్యాహ్నం ఇంకో ఇంట్లో పనుంది. అప్ప ఎదురుగా నిలబడి "ఏటిరా కారణం?" అంటే, ఏదో ఒకటి చెప్పి బయటపడదామని, "కోడలు కంచాలు దులపడం నేదప్పా" అనేశాడు. అన్న క్షణంలోనే మరిచిపోయాడు. అతని మాటకి తిరుగు లేని వీధిలో ఆ ఒక్క ముక్క మూడేళ్లు బతికింది.

ఇప్పుడైనా సంచీ సర్దుకుని ఊరుకోవచ్చు. సునీల్‌కి ఫోను చేసి సింకు బాగైపోయింది, వంటిల్లు ముయ్యక్కర్లేదు అంటే సరిపోతుంది. కానీ హేమ ఎదురుగానే నిలబడి ఉంది.

"అవునప్పా. నేనే అన్నాను" అన్నాడు గట్టిగా. "సూడకుండా అన్నాను. హేమమ్మా, తప్పు నాది. మీ ఆయనకి కూడా నేనే సెప్తాను, నీ ముందరే, ఇప్పుడే."

ఫోను తీసి స్పీకరు పెట్టి, అత్తాకోడళ్ల ముందే సునీల్‌కి అదంతా చెప్పాడు. అటునుంచి సునీల్ "అచ్ఛా" అని మాత్రం అన్నాడు.

హేమ ఏడుస్తుందనుకున్నాడు. తిడుతుందనుకున్నాడు, తిడితే బాగుండుననుకున్నాడు కూడా. ఆమె లోపలికి వెళ్లి కుళాయి తిప్పింది. నీళ్లు సుడి తిరిగి చప్పుడు లేకుండా దిగిపోయాయి. మళ్లీ కట్టింది, మళ్లీ తిప్పింది.

"బాబాయ్" అంది వెనక్కి తిరక్కుండా. "ఆవేళ నా కుళాయి కట్టేసి, పైనుంచి ఒక్క బకెట్టు నీళ్లు పోయించి చూసుంటే తెలిసిపోయేది కదా?"

"తెలిసిపోయేదమ్మా" అన్నాడు అప్పలసూరి. "రెండు నిమిషాల పని."