మంచు కరిగిన డబ్బా, తోడికోడలి ఉత్తరం

నా చిన్న తోడికోడలికి చదువొచ్చు, నాకు రాదు. ఆ కుళ్ళు నన్ను లోపల తినేసేది.

ఇద్దరం రాయపూర్‌లో చేపలమ్మేవాళ్ళం. విజయనగరం వైపు నుంచి మంచు వేసిన రైలు డబ్బాలో సరుకొచ్చేది. ఒకనాడు తలుపు తీస్తే వెచ్చటి గాలి కొట్టింది. మంచు కరిగిపోయింది, చేపలు మెత్తబడ్డాయి. రైల్వే పార్సిల్ గుమాస్తా బాబు సరుకు ముట్టినట్టు రాసే పుస్తకం చాపగానే నేను వేలిముద్ర వేసి బుట్టలు లాక్కున్నాను.

నా తోడికోడలు కదల్లేదు. "బాబూజీ, ముందు థర్మామీటర్ పెట్టండి. వేడెంతుందో, చేపలెలా ఉన్నాయో రాయండి. అప్పుడే నా దస్కత్."

"ఓ కలెక్టరమ్మా, ఉన్నవీ కుళ్ళిపోతాయి, రావే!" అన్నాను.

"నీ వేలికే తొందరెక్కువ, అక్కా."

డబ్బా ఎందుకు వేడెక్కింది, బాధ్యత మీదేనా అని ఆమె రైల్వేకి ఉత్తరం రాసింది. నెల తర్వాత జవాబొచ్చింది. దారిలో ఒక స్టేషన్లో మంచు తిరిగి నింపలేదట, బాధ్యత తమదేనట.

మరి నా చేపల నష్టం సంగతేంటని పార్సిల్ బాబుని అడిగాను. "సరుకు బాగుందని అంగూఠా ముద్ర వేశావుగా?" అన్నాడు.

ఆమె ఆ జవాబును వంటింటి గోడకు అంటించింది. అటు వీపు పెట్టి అన్నం తిన్నాను. మర్నాడు పలక కొన్నాను. ఆమె దగ్గర మాత్రం నేర్చుకోలేదు.